కాటా తప్పు చూపుతుంటే క్యాలిబ్రేషన్‌కు ముందు ఏం చూసుకోవాలి?

కర్నూలు మార్కెట్లో ఎర్రగడ్డల బస్తా దించాక కూడా కాటా మీద 0.120 అలాగే నిలిచిపోతే, చాలామంది వెంటనే క్యాలిబ్రేషన్ చేయించేస్తారు. తొందర వద్దు. ప్లేటు కింద బరువును పసిగట్టే లోడ్ సెల్ దెబ్బతిని ఉంటే క్యాలిబ్రేషన్ ఆ తప్పును కొద్దిరోజులు కప్పిపెడుతుందంతే. ముందు తప్పు ఏ రకమో తేల్చుకోండి.

కాటాను చదునైన నేల మీద పెట్టి, బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, ఫ్యాన్ ఆపేయండి. ఆన్ చేసి 15 నిమిషాలు వదిలేయండి. తర్వాత పై ప్లేటు తీసి కింద చూడండి. ఎర్రగడ్డ పొట్టు, మట్టిగడ్డలు లోడ్ సెల్‌కూ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుంటే ప్లేటు స్వేచ్ఛగా కదలదు. సున్నా జరగడానికి చాలాసార్లు కారణం ఇదే.

శుభ్రం చేశాక ముద్ర వేసిన 20 కిలోల గుండ్లు మూడు తెచ్చుకోండి. బియ్యం ప్యాకెట్ల మీద రాసిన బరువును నమ్మొద్దు. ఒక్కో గుండు పెడుతూ అంకె రాసుకోండి, తీసేటప్పుడూ రాసుకోండి.

ఖాళీగా 0.12, గుండు పెడితే 20.12, రెండు పెడితే 40.12 వచ్చిందంటే సున్నా మాత్రమే జరిగింది, జీరో బటన్ చాలు. సున్నా సరిగ్గానే ఉండి 19.60, 39.20, 58.80 వస్తే తప్పు బరువుతో పాటు ఒకే నిష్పత్తిలో పెరుగుతోంది. 50 కిలోల బస్తాకు రైతు కిలో నష్టపోతాడు. ఈ తప్పుకే క్యాలిబ్రేషన్ మందు. అలా కాక 20.00, 39.70, 58.50 అని మొదట సరిగ్గా చూపి, బరువు పెరిగేకొద్దీ తప్పు నిష్పత్తి లేకుండా ఎక్కువైతే, కింది స్టాపర్ బోల్టు ఎక్కడో తగులుతోంది, లేదా లోడ్ సెల్ పాడైంది. గుండ్లు తీశాక సున్నాకు రాకపోయినా, అదే గుండు నాలుగు మూలల్లో నాలుగు రకాలుగా చూపినా అనుమానం లోడ్ సెల్ మీదికి, దాని బోల్టుల మీదికి పోవాలి. బస్తాను పైనుంచి ధబీమని పడేసే చోట సెల్ వంగిపోవడం మామూలే.

ఇక్కడ ఆగాలి. వ్యాపారానికి వాడే కాటా సీలు మీరు తెంచకూడదు. లైసెన్స్ ఉన్న రిపేరరే విప్పాలి, బాగుచేశాక తూనికలు కొలతల శాఖ మళ్లీ ముద్ర వేయాలి. రిపేరు లేకపోయినా ఎలక్ట్రానిక్ కాటాకు 12 నెలలకోసారి ముద్ర తప్పనిసరి.

రిపేరర్ సెల్ వైర్లను బోర్డు నుంచి విడదీసి మల్టీమీటర్‌తో చూస్తాడు. మామూలు సెల్‌లో ఎరుపు, నలుపు మధ్య సుమారు 400 ఓమ్‌లు, ఆకుపచ్చ, తెలుపు మధ్య సుమారు 350 ఓమ్‌లు రావాలి. కొన్ని కంపెనీల్లో రంగులు వేరు. ఈ నాలుగు వైర్లలో దేనికైనా సెల్ లోహపు ఒంటితో కనెక్షన్ కనిపిస్తే తేమ చేరినట్టే, సెల్ మార్చాలి. ఓమ్‌లు సరిపోయినంత మాత్రాన సెల్ బాగున్నట్టు కాదు, వంగిన సెల్ కూడా సరైన ఓమ్‌లే చూపగలదు. అందుకే గుండ్ల పరీక్షే ముఖ్యం.

క్యాలిబ్రేషన్‌లో ముందు ఖాళీ ప్లేటుతో సున్నా స్థిరపరుస్తారు, తర్వాత కాటా అడిగిన బరువు పెట్టి ఓకే చేస్తారు. 100 కిలోల కాటాకు కనీసం 50 కిలోలైనా పెట్టమనండి, 5 కిలోలతో సరిచేస్తే పై బరువుల్లో చిన్న తప్పు పెద్దదవుతుంది. అయ్యాక వేరే బరువుతో, నాలుగు మూలల్లోనూ మీ ఎదుటే తూచి చూపించమనండి. మర్నాడు పొద్దున ఆన్ చేసి సున్నా నిలిచిందో లేదో మీరే చూసుకోండి.