1600 మీటర్ల పరుగు, మూడో పాఠం: కావలసిన సమయం నుంచి 400 రిపీట్ల వేగం కట్టడం

రెండో పాఠంలో పెట్టుకున్న 1600 మీటర్ల ట్రయల్ సమయాన్ని నోటుపుస్తకంలోంచి తీసి ముందు పెట్టుకోండి. లెక్క దానితోనే మొదలవుతుంది. మీకు 6 నిమిషాల 10 సెకన్లు వచ్చిందనుకుందాం. కావలసింది 5 నిమిషాల 30. ఆర్మీ ర్యాలీకి తయారయ్యేవాళ్ల నోట్లో ఎప్పుడూ నానే అంకె అదే కాబట్టి ఉదాహరణకు దాన్నే తీసుకుంటున్నాం. మీ నోటిఫికేషన్‌లో వేరే సమయం ఉంటే ఆ అంకె పెట్టి ఇదే లెక్క వేసుకోండి.

5:30 అంటే 330 సెకన్లు. నాలుగు రౌండ్లకు పంచితే రౌండుకు 82.5 సెకన్లు. అందులో సగం, 200 మీటర్లకు 41. ఇంకా సగం, 100 మీటర్లకు ఇరవైన్నర. ఇప్పుడు మీ ట్రయల్‌నూ ఇలాగే పంచండి. 370 సెకన్లను నాలుగుతో భాగిస్తే 92.5. రెండింటికీ తేడా రౌండుకు 10 సెకన్లు. మీ సెషన్ ఎలా ఉండాలో తేల్చేది ఈ తేడాయే. చాలామంది 82.5 దగ్గరే ఆగిపోయి, మర్నాడు తెల్లారగానే గ్రౌండుకెళ్లి అదే వేగంతో ఎనిమిది రౌండ్లు కొట్టబోతారు.

అలా కొట్టినవాళ్ల నోటుపుస్తకంలో అంకెలు ఇంచుమించు ఇలా ఉంటాయి: 80, 83, 89, 96, తర్వాత ఖాళీ. మొదటి రెండూ బాగున్నాయని సంబరపడతారు గానీ, నాలుగో రౌండు ట్రయల్ వేగం కన్నా నెమ్మదిగా పడింది. ఒంట్లో దమ్మంతా రెండు రౌండ్లకే అయిపోయింది. మిగతా రెండింట్లో కాళ్లు ఈడ్చుకుంటూ పరిగెత్తడమే అలవాటైంది. ఇలా నెల గడిచినా ట్రయల్ సమయం కదలదు.

కాబట్టి వేగాన్ని కావలసిన సమయం నుంచి తీసుకోండి. ఆ వేగంతో ఎంత దూరం వెళ్లాలన్నది మాత్రం ఇప్పటి సమయాన్ని బట్టి తేల్చుకోండి. మేము పాటించే కొలత ఇది. తేడా రౌండుకు 4 సెకన్ల లోపు ఉంటే నేరుగా 400లు, 4 నుంచి 7 దాకా ఉంటే 300లు, అంతకు మించితే 200లు. మన ఉదాహరణలో తేడా 10, కనుక 200 మీటర్లు 41 సెకన్లలో, ఎనిమిదిసార్లు. మధ్యలో 200 మీటర్లు నడక, దానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇది శుక్రవారం పని.

మంగళవారం 400లే, కానీ ఇప్పటి వేగంతో: 91, 92 సెకన్లలో ఆరుసార్లు, మధ్య మూడు నిమిషాలు నడకా నెమ్మది జాగింగూ. ఇది చాలా తేలిక అనిపిస్తుంది, ముఖ్యంగా మొదటి మూడింట్లో. అలా అనిపించడమే సరి. ఆరో రౌండు పూర్తయ్యాక, ఇంకొక్కటి ఇదే సమయంలో వేయగలను అనిపిస్తే వేగం సరిపోయినట్టే. మొదటి రౌండుకూ చివరి రౌండుకూ తేడా 2 సెకన్లు దాటకూడదు. దాటితే వచ్చే మంగళవారం ఒక సెకను నెమ్మదించండి. రౌండ్ల సంఖ్య తగ్గించకండి.

పాడయ్యేది ఎక్కువగా మొదటి 100 మీటర్లలోనే. విశ్రాంతి తర్వాత కాళ్లు తేలిగ్గా ఉంటాయి కాబట్టి 82 కోసం బయల్దేరినవాడు మొదటి వంద 17 సెకన్లలో దాటేస్తాడు. అక్కడ మిగిలిన మూడున్నర సెకన్లకు చివరి వందలో వడ్డీతో సహా కట్టాలి. అందుకే ప్రతి వంద మీటర్లకూ ఒక గుర్తు ఉండాలి. మంగళవారం 400ల్లో మొదటి గుర్తు దగ్గర వాచీ 23 చూపాలి. శుక్రవారం 200ల్లో ఇరవై నుంచి ఇరవై ఒకటి మధ్య చూపాలి. తక్కువ చూపితే అక్కడే అడుగు కుదించండి, చివరిదాకా లాగి చూద్దామనుకోవద్దు.

గుర్తులు పెట్టాలంటే ముందు దూరం సరిగ్గా ఉండాలి. 400 మీటర్ల ట్రాకు దొరికితే మొదటి లేన్‌లోనే పరిగెత్తండి. రెండో లేన్ రౌండుకు సుమారు 7 మీటర్లు ఎక్కువ, 82 సెకన్ల వేగంలో అది దాదాపు సెకనున్నర. డెల్టాలో చాలా ఊళ్లకు ట్రాకు లేదు గానీ కాలువ గట్టు ఉంది, అది మంచి వసతి. తిన్నగా ఉండే, వాహనాలు తిరగని గట్టు చూసుకుని 50 మీటర్ల ఫైబర్ టేపుతో ఎనిమిది కొలతలు వేయండి. ఇద్దరు పట్టుకుని బిగువుగా లాగాలి. ప్రతి కొలత చివర నేలలో మేకు దించి, అక్కణ్నుంచే తర్వాతి కొలత మొదలుపెట్టాలి. వంద, రెండొందలు, మూడొందల దగ్గర వెదురు కర్రకు ఎర్రగుడ్డ కట్టి పాతండి. ఫోన్‌లోని జీపీఎస్ మీద మాత్రం ఆధారపడకండి. కొబ్బరిచెట్ల కింద 400 మీటర్లకు పది మీటర్లు అటూఇటూ చూపినా ఆశ్చర్యం లేదు, దాంతో మీ రెండు సెకన్ల లెక్క అక్కడే పోతుంది.

గట్టు మీద ఒక రౌండు అటు వెళితే తర్వాతి రౌండు ఇటు వస్తుంది. గాలి ఒకవైపు నుంచే వీస్తుంది కాబట్టి ఒకటి 90, తర్వాతది 94 పడటం మామూలే. విడివిడిగా చూసి కంగారుపడొద్దు, రెండింటినీ కలిపి సగటు తీయండి: 92. సాయంత్రం సముద్రం మీది గాలి జోరుగా ఉంటుంది, లెక్క తేలాలంటే పొద్దున్నే మేలు.

ఏప్రిల్, మే నెలల్లో ఇంకో తిప్పలుంది. గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఫిబ్రవరిలో సులువుగా పడిన 92 మేలో ఆయాసంతో 95 పడుతుంది. అప్పుడు ముందు వేగాన్ని అలాగే ఉంచి విశ్రాంతిని ముప్పై సెకన్లు పెంచండి. అయినా చివరి రెండు రౌండ్లు జారిపోతుంటే ఆ రోజుకు నాలుగుతో ఆపేయండి. తల తిరిగినా, ఒళ్లు జలదరించినా ఆ క్షణమే ఆగి నీడలోకి వెళ్లి నీళ్లు తాగాలి, తలా మెడా తడపాలి. ఆ రోజు ఇక పరుగు లేదు.

నాలుగు వారాలయ్యాక మళ్లీ ట్రయల్ పెట్టండి. మధ్యలో ఒకరోజు బాగా వచ్చిందని అంకెలు మార్చకండి. 5:58 వచ్చిందనుకోండి: 358ని నాలుగుతో భాగిస్తే 89.5, తేడా 7 సెకన్లు. ఇప్పుడు శుక్రవారం 300లకు మారతారు: ఒక్కోటి 62 సెకన్లు, ఆరుసార్లు, మధ్య మూడు నిమిషాలు. మంగళవారం 400లు 89కి దిగుతాయి. ఆ తర్వాతి ట్రయల్‌లో 5:44 దాకా వస్తే రౌండుకు 86, తేడా మూడున్నర. అప్పుడు మాత్రమే శుక్రవారం 400లను 82 నుంచి 83 సెకన్ల మధ్య వేయడం మొదలుపెట్టండి, ఐదుసార్లు, మూడు నిమిషాల విశ్రాంతితో. రౌండుకు 10 సెకన్ల తేడా ఆరు వారాల్లో పూడేది కాదు. ర్యాలీ అంత దగ్గర్లో ఉంటే ముందు 5:50కి లెక్క కట్టుకోండి: రౌండుకు 87.5, తేడా 5, అంటే 300లు 65 నుంచి 66 సెకన్లలో.

ఈ వారం మంగళవారం, శుక్రవారం కాక మిగతా రోజుల్లో మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగే జాగింగే, ఒకరోజు పూర్తి విశ్రాంతి. ప్రతి రౌండు సమయంతో పాటు విశ్రాంతి ఎంత తీసుకున్నారో కూడా నోటుపుస్తకంలో రాయండి. ఆ మూడు నిమిషాలను తొంభై సెకన్లకు ఎలా దించాలో నాలుగో పాఠంలో చూస్తాం. దానికి ఆ అంకెలు కావాలి.