బౌలర్ స్పీడ్ తగ్గిందా? రన్-అప్ మార్చేముందు షూ విప్పించండి

సమస్య: కుడిచేతి పేసర్. వార్మప్‌లో చక్కగా పరుగెడతాడు, బంతి వేస్తే మాత్రం స్పీడ్ రాదు. లైన్ లెగ్ సైడ్‌కి జారుతోంది. అందరూ చేసే పని రన్-అప్ కొలిచి మార్చడం. షూ, సాక్స్ విప్పించి రెండు చీలమండలు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు తక్కువ.

కారణం: దాచిన బెణుకు. బంతి వదిలే ముందు ఎడమ పాదం మీద ఒంటి బరువుకు ఎన్నో రెట్ల భారం పడుతుంది. నొప్పి ఉంటే ఆ కాలు గట్టిగా నిలబడదు, మోకాలు కుంగుతుంది, స్పీడ్ పోతుంది.

ఇది దొరక్కపోవడానికి కారణం, ఒళ్లు వేడెక్కగానే పరుగులో నొప్పి తెలియకపోవడం. అండర్-16 జిల్లా సెలక్షన్‌కి మూడు రోజుల ముందు ఒక కుర్రాడు ఇలాగే దొరికాడు. ఫీల్డింగ్‌లో కాలు మడత పడింది. ఇంట్లో చెప్పలేదు, నాకూ చెప్పలేదు. సాక్స్ కింద క్రేప్ బ్యాండేజి, పొద్దున్నే ఒక నొప్పి మాత్ర. అడిగితే "ఏం లేదు సార్, బాగానే ఉంది" అన్నాడు. అందుకే అడగడం కాదు, వార్మప్‌కి ముందే చూడాలి. గోడ ముందు పాదం పెట్టి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకమన్నాను. కుడి పాదం వేళ్లు గోడకి 11 సెంటీమీటర్ల దూరంలో ఉన్నా తాకింది. ఎడమ పాదానికి 6 కూడా కష్టమైంది. ఒంటికాలి మీద గెంతమంటే రెండోసారికే మొహం మారింది.

"సెలక్షన్ పోతుంది సార్!" అని ఏడ్చాడు. పోయింది.

పరిష్కారం: మొదటి రెండు మూడు రోజులు కట్టు, కాలు ఎత్తులో పెట్టడం, 15 నిమిషాల చొప్పున గుడ్డలో చుట్టిన ఐస్. తర్వాత మంచం మీదే పడుకోబెట్టొద్దు. చీలమండ పైకీ కిందకీ ఆడించడం, మునివేళ్ల మీద లేవడం, ఒంటికాలి మీద నిలబడటం. నొప్పి లేకుండా గెంతగలిగాక తిన్నగా జాగింగ్. ఆ తర్వాత నిలబడి బౌలింగ్, సగం రన్-అప్, పూర్తి రన్-అప్. ఒక్కో మెట్టు ఎక్కాక మర్నాడు పొద్దున కాలు వాచినా బిగిసినా ఒక మెట్టు వెనక్కి. తేలికపాటి బెణుకుకే రెండు మూడు వారాలు పడుతుంది.

స్పీడ్ తగ్గడానికి మిగతా కారణాలూ ఉండొచ్చు. అరిగిన స్పైక్స్ అయితే చూడగానే తెలుస్తుంది. నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా అదే రోజు ఎక్స్‌రే. ఎదిగే పిల్లల్లో బెణుకు అనుకున్నది ఎముక దెబ్బ కావచ్చు.

ఆ కుర్రాడు సగం రన్-అప్‌కి వచ్చాక ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు: "సార్, కాలు కొంచెం బిగిసింది. ఇవాళ నిలబడే వేస్తా."