క్లోజర్ పనుల రిజిస్టర్లు: ఏ అంశం ఎందులో రాయాలి, దరఖాస్తు ఎలా ఇవ్వాలి

గోదావరి డెల్టా కాలువలు ఎండాకాలంలో కట్టేసి ఉండేది కొద్ది వారాలే. ధవళేశ్వరం నుంచి మళ్లీ నీళ్లు వదిలేలోపే తూములు, షట్టర్లు, లైనింగు పనులు ముగించాలి. ఈ పనులకు ఇష్యూ లాగ్, రిస్క్ రిజిస్టర్, డెసిషన్ లాగ్ విడివిడిగా పెట్టుకున్న కార్యాలయంలో అంశం నమోదు చేయించే పద్ధతి ఇది. కాలమ్‌లు కార్యాలయాన్ని బట్టి కాస్త మారవచ్చు, వర్గీకరణ మాత్రం మారదు.

సెక్షన్ ఏఈ, కాంట్రాక్టరు, నీటి సంఘం అధ్యక్షుడు, ఎవరైనా ఒకే ఫారం మీద దరఖాస్తు ఇవ్వవచ్చు. ఒక ఫారంలో ఒక్క అంశమే రాయండి. రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఇవాళ్టికి జరిగిపోయిందా? జరిగిపోయి పనికి అడ్డం పడుతుంటే ఇష్యూ. ఇంకా జరగలేదు, జరగవచ్చు అనుకుంటే రిస్క్. రెండు మూడు దారుల్లో ఒకదాన్ని అధికారం ఉన్నవారు ఖాయం చేసేస్తే డెసిషన్. ఎక్కువమంది తడబడేది ఈ మూడో దాని దగ్గరే. "ఈఈ గారి నిర్ణయం కావాలి" అన్నది డెసిషన్ కాదు. నిర్ణయం రాక పని ఆగింది కాబట్టి అది ఇష్యూ.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక పంట కాలువ తూముకు కొత్త షట్టర్ పెట్టాలి, జూన్ 1న నీళ్లు వదలాలి అనుకుందాం. బిగింపుకు 4 రోజులు, గాడి చుట్టూ వేసిన కాంక్రీటు క్యూరింగుకు 7, ట్రయల్‌కు 2, మొత్తం 13 రోజులు. అంటే మే 18 సాయంత్రానికి షట్టర్ సైటులో ఉండాలి. ఏప్రిల్లోనే ఫ్యాబ్రికేషన్ షాపులో ప్లేటు కొరత ఉందని తెలిస్తే రిస్క్ ఇలా రాయాలి: "ప్లేటు కొరత వల్ల షట్టర్ మే 18 నాటికి చేరకపోవచ్చు. చేరకపోతే జూన్ 1న ఆ తూము దగ్గర నీటిని అదుపు చేయలేం." కారణం, జరగబోయేది, నష్టం, మూడూ ఉన్నాయి చూడండి. "షట్టర్ ఆలస్యం" అని రెండు మాటలు రాసి ఇస్తే దాన్ని ఎవరూ పట్టించుకోలేరు. 5కి అవకాశం 3, నష్టం 4 వేస్తే, రెండూ గుణించి స్కోరు 12. బాధ్యుడిగా ఒక్క హోదానే రాయండి, ఇక్కడ డీఈఈ. "అందరూ" అని రాస్తే ఎవరూ లేనట్టే. ముందు జాగ్రత్తగా ఏప్రిల్ 30న షాపు తనిఖీ. దీనికి రి-7 అని నంబరు పడింది.

మే 18 సాయంత్రమైనా షట్టర్ రాలేదు, షాపులో ఇంకా ప్రైమర్ పూస్తున్నారు. ఇక ఇది రిస్క్ కాదు. అవకాశం 5 అని దిద్ది రి-7ను అలాగే ఉంచడం మామూలుగా జరిగే తప్పు. అప్పుడు గడువు పెట్టి పరిష్కరించాల్సిన అంశం వారానికోసారి చూసే పట్టికలో ఉండిపోతుంది. రి-7ను "ఇ-12గా మారింది" అని మూసి, ఇష్యూ లాగ్‌లో ఇ-12 తెరవండి: ఏం జరిగింది, ఏ పని ఆగింది, ఎవరు, ఎప్పటిలోగా.

ఇ-12కు మూడు దారులు ఉన్నాయి. నీళ్ల విడుదల వాయిదా వేయడం, ఎగువన ఇసుక బస్తాల అడ్డుకట్ట వేయడం, పాత షట్టర్‌కే ప్యాచ్ ప్లేటు వెల్డింగు చేసి కొత్త రబ్బరు సీలు వేసి బిగించడం. మొదటిది ఒక్క తూము కోసం అడిగేది కాదు. రెండోది వేస్తే తూమును తెరిచి మూసే వీలుండదు. మూడోది ఈఈ ఒప్పుకున్నారు. డెసిషన్ లాగ్‌లో ని-5 కింద ఎంచుకున్నది ఒక్కటే రాస్తే చాలదు. వద్దనుకున్న రెండూ, ఎందుకు వద్దనుకున్నారో, ఆమోదించిన హోదా, తేదీ, షరతు కూడా రాయాలి. ఇక్కడ షరతు చాలా ముఖ్యం: పాత గాడిని పగలగొట్టకూడదు. అప్పటికే పగలగొట్టేసి ఉంటే పాత షట్టర్ దానిలో కూర్చోదు, నిర్ణయమే చెల్లదు. తర్వాత మనసు మారితే ని-5ను కొట్టేయకుండా, దాన్ని రద్దు చేస్తూ కొత్త నంబరు వేయండి. "ఫోన్లో చెప్పారు" అని కాంట్రాక్టరు బిల్లు పెట్టినప్పుడు తేల్చేది ఈ వరసే.

ని-5 రాసేశారు కదా అని ఇ-12 మూయకండి. పాత షట్టర్ ట్రయల్‌లో నిలిచాకే మూయాలి. మరమ్మతు చేసిన షట్టర్ సీజన్ మధ్యలో లీకయ్యే అవకాశం ఉంది కాబట్టి అదే రోజు కొత్త రిస్క్ ఒకటి తెరవాలి, ని-5 నంబరు దానిలో రాయాలి. నిర్ణయం తీసుకున్న చోట కొత్త రిస్క్ పుడుతుందన్న సంగతి దరఖాస్తుల్లో దాదాపు కనిపించదు.

ఫారం వెనక్కి వచ్చేది మామూలుగా మూడు కారణాల వల్ల. ఒకే కాగితం మీద రెండు అంశాలు ఉండటం, బాధ్యుడి హోదా లేకపోవడం, "తూము దగ్గర గుర్రపుడెక్క తీయాలి" లాంటి పనిని ఇష్యూగా రాయడం. ఆ చివరిది పనుల జాబితాలోకి వెళ్లాలి. గుర్రపుడెక్క అడ్డుపడి నీరు ఎగదన్ని గట్టు కోసుకుపోతుంటే మాత్రం ఇష్యూ లాగ్‌లోకే.