ఐఆర్ టీమ్‌కు మెయిల్ పెడితే జవాబు రాకపోవడం, వచ్చినా లెక్క కుదరకపోవడం: కారణాలు, పరిష్కారాలు

లిస్టెడ్ కంపెనీలో షేర్లు ఎవరెవరి చేతిలో ఉన్నాయి, దాని కింద ఎన్ని సబ్సిడరీలు ఉన్నాయి, వాటిలో కంపెనీ వాటా ఎంత అని తెలుసుకోవాలంటే చాలామంది నేరుగా ఇన్వెస్టర్ రిలేషన్స్, అంటే ఐఆర్ టీమ్‌కు మెయిల్ కొడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఎక్కడ చిక్కుకుంటామో, ఎందుకు చిక్కుకుంటామో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

సమస్య: జవాబే రాదు, లేదా "వెబ్‌సైట్ చూడండి" అని ఒక్క లైన్ వస్తుంది

నా మొదటి మెయిల్ ఇలా ఉంది: "మీ షేర్‌హోల్డింగ్, సబ్సిడరీల పూర్తి వివరాలు పంపగలరు." ఏ తేదీ నాటివో రాయలేదు. వారం తర్వాత వెబ్‌సైట్ లింక్ ఒకటి వచ్చింది. మళ్లీ అడిగితే మళ్లీ అదే లింక్. అప్పుడు కోపం వచ్చింది కానీ, లోపం నా మెయిల్‌లోనే ఉంది. నేను అడిగినదాంట్లో చాలా భాగం అప్పటికే బయట ఉంది.

షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌ను ప్రతి లిస్టెడ్ కంపెనీ మూడు నెలలకోసారి, త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లోపు ఎక్స్ఛేంజ్‌లకు ఇవ్వాలి. ఇది సెబీ లిస్టింగ్ నిబంధనల్లోని 31వ రెగ్యులేషన్. ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ సైట్లలో కంపెనీ పేజీ తెరిస్తే Shareholding Pattern అన్న లింక్ కనిపిస్తుంది. ప్రమోటర్లు పేరుపేరునా, పబ్లిక్‌లో 1 శాతం అంతకుమించి వాటా ఉన్నవాళ్లు, ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్లు, అన్నీ అందులోనే ఉంటాయి. మార్చి 31 నాటి వివరాల కోసం ఏప్రిల్ 5న మెయిల్ పెడితే కంపెనీ ఏమీ ఇవ్వలేదు. ఏప్రిల్ 21 దాకా ఆగాలి.

సబ్సిడరీల సంగతి వార్షిక నివేదికలో AOC-1 అనే ఫారంలో దొరుకుతుంది. పార్ట్-ఏలో సబ్సిడరీలు, పార్ట్-బీలో అసోసియేట్‌లు, జాయింట్ వెంచర్‌లు. ఒక్కో సబ్సిడరీకి మూలధనం, ఆస్తులు, అప్పులు, టర్నోవర్, లాభం, వాటా శాతం ఉంటాయి. ఇది ఏడాదికోసారే వస్తుంది. మార్చి తర్వాత కొన్న కంపెనీ అందులో కనిపించలేదంటే దాచారని కాదు, దాని కోసం ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చిన ప్రకటనలు వెతకాలి.

కాబట్టి ముందు ఈ రెండూ చదివి, వాటిలో అర్థం కానిదాన్ని మాత్రమే అడగాలి. మెయిల్ ఎలాగూ ఇంగ్లిష్‌లోనే రాస్తాం కానీ, విషయం ఇలా ఉండాలి:

"నేను మీ వాటాదారుణ్ని. 2025 మార్చి 31 నాటి షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్, 2024-25 వార్షిక నివేదికలోని AOC-1 చూశాను. రెండు సందేహాలు. ప్యాటర్న్‌లో ప్రమోటర్ల వాటా 30 శాతం, మీ ప్రెజెంటేషన్‌లో 27 శాతం ఉంది. తేడా డిపాజిటరీ రిసీట్ల వల్లేనా? AOC-1 పార్ట్-ఏలో 14వ వరుసలో ఉన్న వియత్నాం కంపెనీలో వాటా 60 శాతం అని ఉంది. అది మీకు నేరుగా ఉన్న వాటానా, మధ్యలో ఇంకో సబ్సిడరీ ద్వారా ఉన్నదా?"

వరుస నంబరు, తేదీ ఉంటే అవతలివాళ్లు పేజీ తెరిచి రెండు నిమిషాల్లో జవాబు రాయగలరు. ఇలా రాసిన మెయిల్‌కు నాకు మూడో రోజు జవాబు వచ్చింది.

సమస్య: "ఈ సమాచారం ఇవ్వలేం" అంటారు

ఈ వారం ఏ ఫండ్ కొంది, ఎవరు అమ్మారు అని అడిగితే ఇదే జవాబు వస్తుంది. కంపెనీ దగ్గర బెన్‌పోస్ అనే జాబితా ఉంటుంది, డీమ్యాట్ ఖాతాల్లో ఎవరి పేరున ఎన్ని షేర్లున్నాయో అందులో కనిపిస్తుంది. అయినా బయటికి ప్రకటించని సమాచారాన్ని ఒక్కరికే చెబితే ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనలు అడ్డొస్తాయని ఐఆర్ వాళ్లు భయపడతారు, అది న్యాయమైన భయమే. ప్రశ్నను ముగిసిన త్రైమాసికానికి మార్చండి.

1 శాతం కంటే తక్కువ వాటా ఉన్నవాళ్ల పేర్లు నిజంగా కావాలంటే దారి వేరు. కంపెనీల చట్టం 94వ సెక్షన్ ప్రకారం సభ్యుల రిజిస్టర్‌ను వాటాదారులు ఉచితంగా చూడొచ్చు, పేజీకి 10 రూపాయలకు మించని ఫీజు కట్టి కాపీ అడగొచ్చు. ఫీజు కట్టిన 7 రోజుల్లో ఇవ్వాలి. ఒక్క షేరున్నా చాలు. కాకపోతే ఈ అభ్యర్థన ఐఆర్‌కు కాదు, కంపెనీ సెక్రటరీకి రాయాలి, సెక్షన్ నంబరు పేర్కొనాలి. చిరునామా, ఈమెయిల్, పాన్ మాత్రం ఇవ్వరు.

సమస్య: జవాబు వచ్చింది, అంకెలు కలవడం లేదు

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. కంపెనీ తప్పు చెప్పిందనుకుని వాదన పెట్టుకుంటారు. చాలాసార్లు రెండు అంకెలూ నిజమే అయి ఉంటాయి.

మొదట పై మెయిల్‌లోని 30, 27 సంగతి చూద్దాం. కంపెనీకి మొత్తం 10 కోట్ల షేర్లున్నాయి, ప్రమోటర్లవి 2.7 కోట్లు, విదేశంలో ట్రేడయ్యే డిపాజిటరీ రిసీట్ల వెనక 1 కోటి షేర్లు అనుకుందాం. ఎక్స్ఛేంజ్ ఫార్మాట్‌లో శాతం లెక్కించేటప్పుడు ఆ కోటిని పక్కన పెడతారు. 2.7ను 9తో భాగిస్తే 30 శాతం. ప్రెజెంటేషన్‌లో మొత్తం 10తో భాగించారు, 27 శాతం వచ్చింది. శాతం నమ్మేముందు షేర్ల సంఖ్య తీసుకుని మీరే భాగించి చూడండి.

వియత్నాం కంపెనీ లెక్క ఇంకాస్త లోతైనది. ఐఆర్ జవాబు ప్రకారం మాతృ కంపెనీకి సింగపూర్ సబ్సిడరీలో 60 శాతం ఉంది, ఆ సింగపూర్ కంపెనీకి వియత్నాంలో 60 శాతం ఉంది. అంటే మాతృ కంపెనీకి చివరకు దక్కేది

```
60% × 60% = 36%
```

సగం కూడా లేనప్పుడు ఇది సబ్సిడరీ ఎలా అయింది? చట్టం చూసేది అదుపును. సగానికి మించిన ఓటు హక్కు సింగపూర్ కంపెనీకి ఉంది, సింగపూర్ కంపెనీపై మాతృ కంపెనీకి ఉంది. సబ్సిడరీకి సబ్సిడరీ కూడా సబ్సిడరీయే.

దీని ప్రభావం లాభంలో కనిపిస్తుంది. వియత్నాం కంపెనీకి 100 కోట్ల లాభం వస్తే, సబ్సిడరీలన్నిటినీ కలిపి చూపే కన్సాలిడేటెడ్ ఖాతాల్లోకి మొత్తం 100 కోట్లూ చేరతాయి. ఆ తర్వాత కింద 64 కోట్లు నాన్ కంట్రోలింగ్ ఇంటరెస్ట్ కింద, అంటే సబ్సిడరీల్లోని బయటి వాటాదారుల వంతుగా వెళ్లిపోతాయి. మీలాంటి వాటాదారులకు మిగిలేది 36 కోట్లు. AOC-1లో 60 చూసి 60 కోట్లు మనవే అనుకుంటే వాల్యుయేషన్ మొత్తం తప్పుతుంది. అందుకే మెయిల్‌లో "నేరుగానా, మధ్యలో ఎవరి ద్వారానా" అన్న ఆ ఒక్క ప్రశ్న తప్పకుండా ఉండాలి.

ఆ రెండు కంపెనీల్లోనూ మిగతా 40 శాతం ఎవరిదని కూడా అడిగాను. దానికి వాళ్లు జవాబు ఇవ్వలేదు, ఇవ్వాల్సిన బాధ్యత కూడా లేదు. సబ్సిడరీ మన దేశంలో రిజిస్టరైనదైతే కంపెనీ వ్యవహారాల శాఖ వారి ఎంసీఏ పోర్టల్‌లో ఫీజు కట్టి దాని MGT-7 అనే వార్షిక రిటర్న్ తెరవొచ్చు, వాటాదారుల జాబితా దానికి జతచేసి ఉంటుంది. వియత్నాం, సింగపూర్ కంపెనీల పత్రాలు అక్కడ ఉండవు. వాటి విడి ఖాతాలను మాతృ కంపెనీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి కాబట్టి, ఆ ఖాతాల నోట్స్‌లో మూలధనం దగ్గర వాటాదారుల పేర్లు ఉన్నాయేమో చూడండి. నాకు సింగపూర్ భాగస్వామి పేరు దొరికింది అక్కడే.