నీళ్లు కలిపిన ఐదు నిమిషాలకే సిమెంట్ బిగుసుకుంటే: ఫాల్స్ సెట్టా, ఫ్లాష్ సెట్టా?

సమస్య

ల్యాబ్‌లో సెట్టింగ్ టైమ్ ప్రయోగం జరుగుతోంది. సిమెంట్ 400 గ్రాములు. ప్రామాణిక మెత్తదనానికి కావాల్సిన నీటి శాతం, అంటే నార్మల్ కన్సిస్టెన్సీ, 29 వచ్చింది కాబట్టి, అందులో 0.85 వంతు లెక్కన 98.6 మి.లీ. నీళ్లు పోశారు. ముద్ద కలిపి వికాట్ అచ్చులో నింపారు. తాపీతో పైభాగం సమం చేసేలోపే ముద్ద మొండికేసింది. సూది వదిలితే సగం లోతులోనే ఆగిపోయింది. మామూలు ఓపీసీకి ఇనీషియల్ సెట్ 30 నిమిషాల కంటే ముందు రాకూడదని మన ప్రమాణం చెబుతుంది. ఇక్కడ ఆరు నిమిషాలు కూడా కాలేదు.

ఇలాంటప్పుడు చెయ్యి ముందు నీళ్ల సీసా మీదకే పోతుంది. మా బ్యాచ్‌లో ఒకడు అప్పటికే 20 మి.లీ. కొలిచి పట్టుకున్నాడు. "ఆగరా బాబూ, ముందు ముట్టుకుని చూడు" అని ఆపాల్సి వచ్చింది. ఆ నీళ్లు పోస్తే ముద్ద జారుగా అవుతుంది, నిజమే. కానీ అసలు జబ్బేదో ఇక తెలుసుకోలేం.

ముందు జబ్బేదో తేల్చుకోండి

పైకి ఒకేలా కనిపించే జబ్బులు రెండున్నాయి. తేడా పట్టుకోవడానికి థర్మామీటర్, తాపీ చాలు.

ముద్దలో థర్మామీటర్ గుచ్చండి. ఉష్ణోగ్రత పెద్దగా పెరగకపోతే ఫాల్స్ సెట్ అయ్యే అవకాశం ఎక్కువ. అచ్చు పట్టుకుంటే చేతికి తెలిసేంత వేడెక్కితే ఫ్లాష్ సెట్‌ను అనుమానించాలి. ఆ తర్వాత ముద్దను అచ్చులోంచి తీసి, ఒక్క చుక్క కూడా నీళ్లు కలపకుండా, తాపీతో గట్టిగా మళ్లీ కలపండి. వదులై, పాత మెత్తదనం తిరిగొచ్చి, ఆపైన మామూలు వేగంతో గట్టిపడితే అది ఫాల్స్ సెట్. ఎంత కలిపినా పొడిపొడిగా విరిగిపోతూ అతుక్కోకపోతే ఫ్లాష్ సెట్. వేడి అనుమానాన్ని మాత్రమే ఇస్తుంది, తేల్చేది ఈ రెండో పరీక్షే.

ఫ్లాష్ సెట్ ఎందుకొస్తుంది

దీనికి బట్టీ దాకా వెళ్లాలి. సున్నపురాయి, మట్టి కలిసిన పొడి బట్టీలోకి వెళ్లాక, సుమారు 900 డిగ్రీల దగ్గర సున్నపురాయి కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది. మిగిలిన సున్నం సిలికాతో కలిసి మొదట C2S అనే కాల్షియం సిలికేట్ అవుతుంది. 1300 డిగ్రీలు దాటేసరికి అల్యూమినా, ఐరన్ ఆక్సైడ్ కలిసి కొంత కరిగి ద్రవమవుతాయి. 1450 డిగ్రీల దగ్గర ఆ ద్రవంలోనే C2S మరికొంత సున్నాన్ని పట్టుకుని C3S అవుతుంది. సిమెంటుకు తొలి రోజుల బలాన్నిచ్చేది ఈ C3S. ఇలా తయారైన క్లింకర్ చల్లారేటప్పుడు, కరిగిన భాగం C3A అనే కాల్షియం అల్యూమినేట్‌గా, ఇనుము కూడా ఉన్న C4AF గా గడ్డకడుతుంది.

అంటే C3A ని మనం బలం కోసం కోరి తెచ్చుకోలేదు. బట్టీని నడపడానికి ద్రవం కావాలి, ఆ ద్రవం వెంట ఇదీ వచ్చింది. నీళ్లు తగలగానే అందరికంటే ముందు ఎగబడేది ఇదే. నాలుగు ముఖ్య సమ్మేళనాల్లో గ్రాముకు ఎక్కువ వేడి పుట్టించేదీ ఇదే. అడ్డు లేకపోతే నిమిషాల్లో హైడ్రేట్ రేకులు అల్లుకుపోయి ముద్ద బిగుసుకుంటుంది. అవి కొత్తగా పుట్టిన పదార్థాలు కాబట్టి, మళ్లీ కలిపినంత మాత్రాన వెనక్కి పోవు.

ఆ అడ్డు కోసమే క్లింకర్‌తో పాటు మిల్లులో సుమారు 3 నుంచి 5 శాతం జిప్సం వేస్తారు. సల్ఫేట్ అందుబాటులో ఉంటే C3A ఆ రేకులకు బదులు ఎట్రింగైట్ అనే సన్నని సూదుల్లాంటి పదార్థమవుతుంది, చర్య నెమ్మదిస్తుంది. ఈలోగా C3S రెండు మూడు గంటలు దాదాపు మౌనంగా ఉండి, తర్వాత జోరందుకుని C-S-H అనే జిగురు లాంటి కాల్షియం సిలికేట్ హైడ్రేట్‌ను పెంచుతుంది. అసలు సెట్ అవడమంటే ఇదీ. ముద్ద ఆరిపోవడం కాదు.

మిల్ సర్టిఫికెట్ దొరికితే C3A ఎంతుందో బోగ్ సూత్రంతో అంచనా కట్టవచ్చు:

```
C3A = 2.650 × Al2O3 − 1.692 × Fe2O3
```

అల్యూమినా 5.5, ఐరన్ ఆక్సైడ్ 3.5 శాతమైతే C3A దాదాపు 8.7 శాతం. అదే అల్యూమినాకు ఐరన్ ఆక్సైడ్ 4.5 అయితే దాదాపు 7 శాతానికి దిగుతుంది. అంటే ముడిపొడిలో ఇనుము కాస్త పెరిగితే జిప్సం మీద భారం తగ్గినట్టే. అయితే ఈ సూత్రం అంచనా మాత్రమే. క్లింకర్ పూర్తి సమతౌల్యంలో చల్లారిందని అనుకుని కట్టే లెక్క ఇది.

పరిష్కారం: ఫ్లాష్ సెట్ అయితే ఆ ముద్ద పారేయాల్సిందే. ఆ సంచుల సిమెంట్ స్లాబుకు వాడకుండా పక్కన పెట్టి, సల్ఫేట్ ఎంతుందో చెప్పే SO3 పరీక్షకు పంపాలి. దిద్దుబాటు ఫ్యాక్టరీ చేతిలో ఉంది, జిప్సం మోతాదు పెంచాలి. మరీ పెంచినా తంటాయే. మిగిలిపోయిన సల్ఫేట్ గట్టిపడిన తర్వాత వ్యాకోచానికి దారితీస్తుంది. SO3 కి ప్రమాణంలో పైపరిమితి అందుకే పెట్టారు.

ఫాల్స్ సెట్ ఎందుకొస్తుంది

ఇక్కడ జిప్సం ఉంది, కానీ చెడిపోయింది. బాల్ మిల్లులో రాపిడికి వేడి పుడుతుంది. సిమెంట్ 110, 120 డిగ్రీలు దాటితే జిప్సంలోని నీరు పోతుంది:

```
CaSO4·2H2O → CaSO4·½H2O + 1½H2O
```

కుడివైపున ఉన్నది హెమీహైడ్రేట్, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్సే. సీలింగ్ పనివాళ్లు కలిపిన నిమిషాల్లో పూసేస్తారే, అదే. సిమెంటులో ఇది ఎక్కువైతే నీళ్లు పడగానే కరిగి, తిరిగి జిప్సం సూదులుగా పేరుకుంటుంది. ఆ సూదులు ఒకదానికొకటి చిక్కుకుని ముద్దను నిలబెడతాయి. అది ఉత్త చిక్కుముడి, తాపీతో విరగ్గొడితే విడిపోతుంది.

కొంచెం హెమీహైడ్రేట్ ఉండటం తప్పేమీ కాదు. త్వరగా కరుగుతుంది కాబట్టి C3A కి సల్ఫేట్ వేళకు అందుతుంది. ఎక్కువైతేనే గొడవ.

రెడీమిక్స్ లారీల్లో ఈ జబ్బు అంతగా బయటపడదు. డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది కాబట్టి సూదులు ఎప్పటికప్పుడు విరిగిపోతాయి. చిన్న మిక్సర్‌లో నిమిషం, నిమిషంన్నర తిప్పి వంపేసే చోట మేస్త్రికి ముందు తెలుస్తుంది. ఆయన వెంటనే నీళ్లు పోయిస్తాడు. ఘనమీటరుకు 350 కిలోల సిమెంట్, 157.5 లీటర్ల నీళ్లున్న మిశ్రమానికి మరో 20 లీటర్లు పడితే నీరు-సిమెంట్ నిష్పత్తి 0.45 నుంచి 0.51 కి పోతుంది. ఫాల్స్ సెట్ తనంతట తాను కాంక్రీటును పెద్దగా పాడుచేయదు. బలం పోయేది ఆ నీళ్ల వల్లే.

పరిష్కారం: సైటులో నీళ్లు కలపకుండా మరో రెండు మూడు నిమిషాలు తిప్పండి. ఫ్యాక్టరీలో మిల్లులో నీటి తుంపర కొట్టి ఉష్ణోగ్రత దించాలి, లేదా జిప్సంలో కొంత భాగానికి బదులు సహజ అన్‌హైడ్రైట్ వాడాలి. సిమెంటును వేడివేడిగా సైలోలో నింపినా జిప్సం నీరు పోగొట్టుకుంటూనే ఉంటుంది.

ఒక చిక్కు మిగిలింది. సిమెంట్ ఒక్కటే బాగా సెట్ అవుతూ, అడ్మిక్చర్ కలిపినప్పుడే బిగుసుకుంటే, రెండింటికీ పొసగడం లేదని అర్థం. కొన్ని అడ్మిక్చర్లు సల్ఫేట్ కరిగే తీరును మార్చేస్తాయి. అడ్మిక్చర్‌ను నీళ్లతో పాటు కాకుండా ఒకటి రెండు నిమిషాలు ఆగి వేసి చూడండి. తేడా కనిపిస్తే అనుమానం నిజమే.

మా ల్యాబ్ ముద్ద సంగతికొస్తే, థర్మామీటర్ ఒక డిగ్రీ మాత్రమే పెరిగింది. మళ్లీ కలిపితే మెత్తబడింది. గడియారాన్ని మాత్రం మొదట నీళ్లు పోసిన క్షణం నుంచే లెక్కపెట్టాం. ఇనీషియల్ సెట్ రెండు గంటలు దాటాకే వచ్చింది. రికార్డులో ఆ అంకె పక్కన "ఫాల్స్ సెట్ విరిచిన తర్వాత" అని రాయించాను.