సేల్ బ్యాడ్జ్ తీసేసిన చోట గులాబీ మరక మిగిలిపోతోందా? లక్షణం, కారణం, పరిష్కారం

హీలింగ్ బ్రష్, క్లోన్ స్టాంప్, లేయర్లు వాడటం వచ్చినవారి కోసం ఈ వ్యాసం. ఫొటో మీ సొంతమైతేనో, దానిని మార్చే అనుమతి మీకు ఉంటేనో మాత్రమే ఈ పనికి దిగండి. ఫొటోషాప్ పేర్లే ఇస్తున్నాను, వేరే ప్రోగ్రాముల్లోనూ పద్ధతి ఇదే.

అసలు బ్యాడ్జ్ ఫొటోలో ఉందా?

ఈ పని కోసం నా దగ్గరకు ఫైళ్లు పంపేవారిలో చాలామంది ఈ ఒక్క పరిశీలన చేయకుండానే పంపుతారు. వెబ్ పేజీలో ఉత్పత్తి మూలన కనిపించే ఎర్రటి స్టార్‌బర్స్ట్ చాలాసార్లు ఫొటోలో భాగం కాదు, పేజీ దానిని ఫొటోపైన విడిగా పరుస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి రెండు గంటలు రుద్దే ముందు ఫొటోపై రైట్ క్లిక్ చేసి `Open image in new tab` నొక్కండి. అక్కడ బ్యాడ్జ్ కనిపించకపోతే చేయాల్సిన పనేమీ లేదు, ఆ ఫైలునే దాచుకోండి.

అక్కడా బ్యాడ్జ్ కనిపిస్తే చిరునామాను ఒకసారి చదవండి. కొన్ని ఇమేజ్ సేవలు చిరునామాలో ఇచ్చిన ఆదేశాన్ని బట్టి బ్యాడ్జ్‌ను అప్పటికప్పుడు అతికించి పంపుతాయి. క్లౌడినరీలో అది ఇలా ఉంటుంది:

```
.../image/upload/l_sale_badge/fl_layer_apply,g_north_east/bag.jpg
.../image/upload/bag.jpg
```

మొదటి దానిలో `l_` తో మొదలయ్యే భాగమే బ్యాడ్జ్. మీ సొంత దుకాణం ఖాతాలో ఆ భాగం తీసేస్తే రెండో వరుసలో ఉన్న శుభ్రమైన మూలచిత్రం వస్తుంది. ఇదీ కాకపోతే ఫొటో తయారుచేసిన వారిని లేయర్లున్న ఫైలు అడగండి. ఇవన్నీ అయ్యాకే బ్రష్ పట్టుకోండి.

లక్షణం: హీల్ చేసిన చోట పలుచని గులాబీ మరక

బ్యాడ్జ్ పోయింది, నేపథ్యం నిండింది, మీ తెరపై అంతా బాగానే ఉంది. మరొకరి ఫోన్‌లో చూస్తే అదే చోట గులాబీ రంగు మేఘంలా పరుచుకుని ఉంటుంది. మళ్లీ హీల్ చేస్తే కొంచెం జరుగుతుందే తప్ప పోదు. ఈ ఒక్క సమస్య వల్ల నేను పూర్తయిందనుకున్న పనిని వెనక్కి తీసుకుని మళ్లీ చేసిన రోజులున్నాయి, అందుకే దీని గురించి వివరంగా రాస్తున్నాను.

కారణం జేపీఈజీ రంగును దాచే తీరులో ఉంది. వెలుగునీడలను అది ప్రతి పిక్సెల్‌కూ విడిగా తీసుకుంటుంది, రంగును మాత్రం చాలా ఫైళ్లలో అడ్డంగా రెండు, నిలువుగా రెండు పిక్సెళ్లకు కలిపి ఒక్క విలువగా తీసుకుంటుంది. ఆపైన 8×8 గడుల దిమ్మెలుగా విడగొట్టి కుదిస్తుంది కనుక, రంగు విషయంలో ఒక్కో దిమ్మె అసలు ఫొటోలో 16×16 పిక్సెళ్ల మేర ఉంటుంది. స్టార్‌బర్స్ట్ అంచు పంటి కొన మూడు పిక్సెళ్లు ఒక దిమ్మెలోకి వచ్చినా, కుదింపులో ఆ ఎరుపు దిమ్మె అంతటికీ పలుచగా పాకుతుంది. అంటే ఎర్రటి అంచు ఆగిపోయిన చోటు నుంచి మరో 15 పిక్సెళ్ల దాకా నేపథ్యం మైలపడి ఉండవచ్చు. వెలుగు మారకుండా రంగు మాత్రమే మారుతుంది కాబట్టి కన్ను దానిని పట్టుకోలేదు.

హీలింగ్ బ్రష్ ఇక్కడే మనల్ని దెబ్బ తీస్తుంది. అది మీరు చూపిన చోటు నుంచి మెరుగును, నేతను తీసుకుంటుంది గానీ, రంగును మాత్రం మీరు నింపే ప్రాంతపు సరిహద్దు పిక్సెళ్ల నుంచి లోపలికి లాక్కుంటుంది. మ్యాజిక్ వాండ్‌తో ఎరుపును మాత్రమే బిగువుగా ఎంచుకుంటే సరిహద్దు సరిగ్గా ఆ మైలపడిన పిక్సెళ్ల మీద పడుతుంది. సన్నని అంచుగా ఉన్న గులాబీని బ్రష్ నమ్మకంగా మధ్యదాకా పరిచేస్తుంది. మళ్లీ మళ్లీ హీల్ చేసినా అదే సరిహద్దు ఉన్నంతకాలం అదే ఫలితం వస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ముదురు నీలం రంగు వీపు సంచి, లేత బూడిద నేపథ్యం, 1200×1200 పిక్సెళ్ల జేపీఈజీ. కుడి పై మూలన పళ్ల కొనలతో కలిపి 260 పిక్సెళ్ల వెడల్పున్న ఎర్రటి స్టార్‌బర్స్ట్, దాని కింద కుడివైపుకు వాలిన మెత్తని నీడ. దూరంగా నేపథ్యం విలువ 243, 243, 243. ఎరుపుకు ఎనిమిది పిక్సెళ్ల దూరంలో, కంటికి పూర్తిగా బూడిదగా కనిపించిన చోట, ఐడ్రాపర్ 251, 239, 239 చూపించింది. రెండు పళ్ల మధ్య ఇరుకు సందులో అంతకంటే ఎక్కువ ఎరుపు ఉంది. ఆ సందుల్లోని నేపథ్యం శుభ్రంగానే ఉందని వదిలేసి, పళ్ల ఆకారం వెంబడి మాస్క్ గీయడం అందరూ చేసే పొరపాటు. సందుల్లో శుభ్రమైన పిక్సెల్ ఒక్కటీ ఉండదు.

కాబట్టి పళ్ల వెంట వెళ్లకండి. ముందు అన్నిటికన్నా పైన `Hue/Saturation` అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టి `Saturation` ను +100 చేయండి. అంతవరకూ దాగి ఉన్న గులాబీ వలయం స్పష్టంగా బయటపడుతుంది, అది ఎక్కడిదాకా ఉందో కంటితోనే కొలవవచ్చు. తరువాత `Elliptical Marquee` తో పళ్ల కొనలన్నీ లోపల పడేలా గుండ్రంగా ఎంచుకుని, `Select > Modify > Expand` లో 20 ఇవ్వండి. 15కు బదులు 20 ఎందుకంటే, ఫైలును తెరిచేటప్పుడు పక్క దిమ్మెల రంగును కలిపి నునుపు చేసే డీకోడర్లు ఆ మరకను ఇంకో పిక్సెల్ రెండు పిక్సెళ్లు ముందుకు జరుపుతాయి. నీడ ఉన్న వైపు మరక అంతకంటే దూరం పోతుంది కనుక, ఆ వైపు లాసోతో ఎంపికను ఇంకొంత పెంచండి. నీడ రంగు లేని మరక, సాచురేషన్ పెంచితే కనబడదు. దానికోసం ఒక `Curves` లేయర్‌తో కాంట్రాస్ట్ బాగా పెంచి చూడాలి.

ఫైలు ఏ తరహాదో ముందే తెలుసుకోవాలంటే ఇమేజ్‌మ్యాజిక్ చెబుతుంది:

```
identify -format "%[jpeg:sampling-factor]\n" bag.jpg
```

`2x2` తో మొదలైతే పైన చెప్పిన 16 పిక్సెళ్ల దిమ్మె. `1x1` అయితే దిమ్మె 8 పిక్సెళ్లే, కనుక 10 పెంచితే చాలు. అయితే బ్యాడ్జ్ అతికించాక ఎవరైనా ఫొటో కొలత మార్చి మళ్లీ సేవ్ చేసి ఉంటే ఈ లెక్కలు నిలవవు. పాత మరక సాగి ఉంటుంది లేదా ముడుచుకుని ఉంటుంది, దానిపైన కొత్త మరక చేరుతుంది. అందుకే లెక్కను నమ్మి ఆగకుండా సాచురేషన్ లేయర్‌తో కొలవమంటున్నాను.

ఇప్పుడు కొత్త ఖాళీ లేయర్‌లో, వలయం బయటి శుభ్రమైన చోటు నుంచి క్లోన్ స్టాంప్‌తో ముందుగా ఎంపిక అంచునంతా ఒక పట్టీలా నింపండి. క్లోన్ సరిహద్దు రంగును లాక్కోదు, ఇచ్చింది ఇచ్చినట్టు వేస్తుంది. ఆ శుభ్రమైన పట్టీ ఏర్పడ్డాక మధ్యభాగాన్ని హీల్ చేస్తే బ్రష్‌కు అందే సరిహద్దు బూడిద రంగే అవుతుంది. సంచి ఫొటోలో ఇలా చేశాక మధ్యలో విలువలు 242కూ 244కూ మధ్య నిలిచాయి. చివరలో సాచురేషన్ లేయర్ మళ్లీ వెలిగించి చూసి, అది ఆపేశాకే ఎగుమతి చేయండి. పని మధ్యలో జేపీఈజీగా సేవ్ చేయవద్దు, ప్రతిసారీ కొత్త మరకలు పుడతాయి.

నేపథ్యం పూర్తి తెలుపు అయితే ఇంత శ్రమ వద్దు. ఎంపికను 255, 255, 255 తో నింపేయండి. అమెజాన్ ప్రధాన చిత్రానికి అడిగేది సరిగ్గా ఆ తెలుపే కనుక, హీల్ చేసి 253 దగ్గర ఆపడం కంటే అదే మేలు.

లక్షణం: వస్తువు అంచు కరిగి నేపథ్యంలో కలిసిపోయింది

కారణం, అంచును దాటి ఒకేసారి హీల్ చేయడం. సరిహద్దులో ఒకవైపు నీలం, మరొకవైపు బూడిద ఉంటే బ్రష్ రెంటినీ కలిపి మసక చేస్తుంది. సంచి కుడి అంచు స్టార్‌బర్స్ట్ కింద దాదాపు 90 పిక్సెళ్ల మేర దాగి ఉంది. పైనా కిందా బయటకు కనిపిస్తున్న అంచుల వంపును పట్టుకుని పెన్ టూల్‌తో రెండింటినీ కలిపాను. ఆ పాత్‌ను సెలెక్షన్‌గా మార్చి, నేపథ్యాన్ని ఒక లేయర్‌లో, సంచిని వేరే లేయర్‌లో నింపాను. ఎంపికకు అర పిక్సెల్ ఫెదర్ ఇస్తే అంచు కత్తిరించినట్టు కనబడదు.

లక్షణం: అతుకు కనబడదు, కానీ వస్తువు తప్పుగా ఉంది

నిండు రంగు బ్యాడ్జ్ కింద ఉన్నది జేపీఈజీలో ఎక్కడా మిగలదు. అక్కడ మీరు వేసేది మీ ఊహ. నేపథ్యం విషయంలో ఊహ ఎవరికీ నష్టం చేయదు, వస్తువు విషయంలో చేస్తుంది. మొదట్లో నేను ఇలాంటి సంచికే ఎడమ భుజాన్ని అద్దంలోలా తిప్పి కుడివైపు అతికించాను. వెలుగు ఎడమ నుంచి వస్తుండగా కుడి భుజం మీద మెరుపు తప్పు వైపు పడింది. అంతకంటే పెద్ద తప్పు, ఎడమనున్న జిప్ లాగుడు పట్టీ కుడివైపూ వచ్చి కూర్చుంది. అసలు సంచికి అటువైపు జిప్పే లేదు. కొన్నవారు అడిగాక గానీ నాకు తెలియలేదు.

పరిష్కారం, మరో ఫొటో వెతకడం. అదే వస్తువు వేరే రంగులో ఉంటే దాని ఫొటో సాధారణంగా అదే చోట, అదే వెలుగులో, అదే కెమెరాతో తీసి ఉంటుంది. దానిని పైలేయర్‌లో పెట్టి, బ్లెండింగ్ మోడ్ `Difference` చేసి, కుట్ల గీతలు ఒకదానిపై ఒకటి పడి వీలైనంత మాయమయ్యేదాకా `Free Transform` తో జరపండి. తరువాత మోడ్ `Normal` చేసి, కావలసిన భాగాన్ని మాస్క్‌తో ఉంచి, రంగును `Curves` లో ఒక్కో ఛానల్‌గా కలపండి. లేత రంగు నుంచి ముదురుకు మార్చడం తేలిక. నల్ల సంచి నుంచి లేత రంగు తీయబోతే నీడల్లో వివరం ఉండదు. ఏ ఫొటోలోనూ ఆ భాగం కనబడకపోతే, మళ్లీ ఫొటో తీయించమని చెప్పండి. లోగోలు, లేబుల్ అక్షరాలు, బరువు అంకెలు మాత్రం ఎంత తెలిసినట్టనిపించినా ఊహించి రాయవద్దు.

మిగిలినవి

నింపిన చోటు ప్లాస్టిక్‌లా నునుపుగా కనిపిస్తే గ్రెయిన్ లేదని అర్థం. `Add Noise` ను `Monochromatic` గా, ఒక శాతం దగ్గర మొదలుపెట్టి చుట్టుపక్కలతో పోల్చుకుంటూ కలపండి.

బ్యాడ్జ్ సగం పారదర్శకంగా ఉండటం అరుదు. అప్పుడు కింద ఉన్నది లెక్కతో తిరిగి వస్తుంది:

```
B = (C - a*F) / (1 - a)
```

`B` కింద ఉన్న అసలు విలువ, `C` కనిపిస్తున్న విలువ, `F` బ్యాడ్జ్ రంగు, `a` దాని గాఢత. గాఢత 0.8 అయితే ఫైలులోని లోపాలన్నీ ఐదు రెట్లు పెరిగి వస్తాయి కనుక, 0.5 దాటాక నేను ఈ దారి పట్టను, పైన చెప్పినట్టే నింపుతాను.