ఛాతీ నొప్పి ఈసీజీలో ఎస్‌టీ పైకి లేచిందా, కిందికి దిగిందా: ఎలా చూడాలి?

ఒడిశా సరిహద్దులోని గుణుపురం, పర్లాకిమిడి వంటి ఊళ్లలో ఛాతీ నొప్పితో వచ్చిన మనిషిని మొదట చూసేది దగ్గరలోని చిన్న ఆసుపత్రే. అక్కడ ఈసీజీ యంత్రం ఉంటుంది. గుండె రక్తనాళంలో పడిన అడ్డును తీగతో తెరిచే సదుపాయం మాత్రం సాధారణంగా ఉండదు. దానికోసం బరంపురమో, విశాఖపట్నమో వెళ్లాలి. గుణుపురం నుంచి విశాఖ చేరేసరికి రెండు గంటలు దాటుతుంది. కాబట్టి ఇక్కడి వైద్యుడు ఈసీజీ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు తేల్చుకోవలసినది ప్రధానంగా ఒక్కటే: రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ ఇక్కడే ఇవ్వాలా, ఇవ్వకుండా పంపాలా? ఆ నిర్ణయం చాలావరకు ఎస్‌టీ అనే చిన్న గీత మీద ఆధారపడి ఉంటుంది. దానిని ఎలా చదువుతారో రోగి బంధువులు కూడా తెలుసుకోవచ్చు. అయితే ఈ చదవడం వైద్యుడి పక్కన నిలబడి అర్థం చేసుకోవడానికే తప్ప, ఇంట్లో కూర్చుని కాగితం చూసి నిర్ణయించుకోవడానికి కాదు. నొప్పి తగ్గకపోతే ముందు 108కి ఫోన్ చేయాలి.

మొదట: గీతను గుర్తించి కొలవడం

కాగితం అడుగున 25 mm/s, 10 mm/mV అని ఉందో లేదో చూడాలి. మొదటిది కాగితం నడిచే వేగం, రెండోది గీతల ఎత్తుకు కొలత. 5 mm/mV అని ఉంటే ఎత్తులన్నీ సగానికి కుదించుకుపోయి, ఉన్న మార్పు కూడా లేనట్టు కనిపిస్తుంది. ఇది అరుదే అయినా, జరిగినప్పుడు ఎవరూ గమనించరు.

గుండె కొట్టుకునే ప్రతిసారీ మొదట ఒక చిన్న గుబ్బ, వెంటనే సూదిలాంటి పొడవైన గీత, ఆ తర్వాత కొంచెం వెడల్పైన గుబ్బ వస్తాయి. సూది గీత ముగిసే చోటు నుంచి ఆ వెడల్పైన గుబ్బ మొదలయ్యే వరకు ఉన్న భాగమే ఎస్‌టీ. సూది గీతకు కాస్త ముందుండే చదునైన గీతను ఆధారంగా తీసుకుని, సూది ముగిసిన చోట ఎస్‌టీ ఎన్ని చిన్న గడులు పైన ఉందో, ఎన్ని కింద ఉందో లెక్కిస్తారు. ఒక చిన్న గడి ఒక మిల్లీమీటరు.

గుండెను ఒక్కో వైపు నుంచి చూసి గీసే ఒక్కో గీతను లీడ్ అంటారు; కాగితం మీద II, aVF, V2 వంటివి వాటి పేర్లే. గుండెను ఒకే వైపు నుంచి చూసే రెండు లీడ్లలోనైనా ఒక గడి పైకి లేస్తే దానిని పెరుగుదలగా లెక్కిస్తారు. V2, V3 లలో మాత్రం ఆరోగ్యవంతులకు కూడా కాస్త ఎత్తు ఉంటుంది కనుక అక్కడ హద్దు పెద్దది: నలభై దాటిన పురుషులకు రెండు గడులు, అంతకన్నా చిన్నవారికి రెండున్నర, స్త్రీలకు ఒకటిన్నర. దిగుదల విషయంలో అర గడి చాలు, అయితే గీత చదునుగానో, కిందికి వాలుతూనో ఉండాలి.

తర్వాత: పైకి లేవడానికీ, దిగడానికీ తేడా

రక్తనాళం పూర్తిగా మూసుకుపోతే దాని మీద ఆధారపడిన గుండె గోడ లోపలి పొర నుంచి బయటి పొర దాకా దెబ్బ తింటుంది. ఆ గోడకు ఎదురుగా ఉన్న లీడ్లలో ఎస్‌టీ పైకి లేస్తుంది. అందుకే పెరుగుదల చోటును కూడా చెబుతుంది: II, III, aVF లలో అయితే అడుగు గోడ, V1 నుంచి V4 వరకు అయితే ముందు గోడ. నాళం పూర్తిగా మూయబడకుండా ఇరుకైతే, రక్తం అందనిది ఎక్కువగా లోపలి పొరకే. అప్పుడు ఎస్‌టీ కిందికి దిగుతుంది. ఈ దిగుదల చోటును నమ్మకంగా చెప్పదు.

చికిత్స విడిపోయేదీ ఇక్కడే. ఇటలీలో జరిగి 1986లో వెలువడిన జిస్సీ పరిశోధనలో గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ఎస్‌టీ పైకి లేచినవారిలో మరణాలను తగ్గించింది, దిగినవారికి మాత్రం ఆ మేలు కనిపించలేదు. మెదడులో రక్తస్రావం కాగల మందును మేలు లేనిచోట ఇవ్వడం తప్పు. దిగుదల ఉన్నవారికి ఆస్పిరిన్, రక్తాన్ని పలుచన చేసే ఇంజక్షన్లు, గుండె కండరం దెబ్బతిందో లేదో రక్తంలో చూసే ట్రోపోనిన్ పరీక్ష, ఆ పైన పెద్ద ఆసుపత్రి: ఇదీ దారి.

మోసగించే దిగుదల

అయితే కొన్నిసార్లు కనిపించే దిగుదల నిజానికి అద్దంలో కనిపించిన పెరుగుదలే. దీనిని ఒక ఉదాహరణతో చూద్దాం.

గుణుపురంలో బట్టల కొట్టు నడిపే యాభై రెండేళ్ల మనిషికి ఉదయం ఆరు గంటలకు ఛాతీ మీద బరువు పెట్టినట్టయింది. గ్యాస్ అనుకుని సోడా తాగి, గంటన్నర చూసి, 7:40కి ఆసుపత్రికి వచ్చాడు. పది నిమిషాల్లో తీసిన ఈసీజీలో ఎక్కడా ఎస్‌టీ పైకి లేవలేదు. V1, V2, V3 లలో రెండు గడులు చదునుగా కిందికి దిగింది. యంత్రం తనంతట తానే అచ్చువేసిన వాక్యం రక్తం తక్కువగా అందుతోందని మాత్రమే చెప్పింది. దానిని నమ్మి పంపేస్తే దారిలో గుండె గోడ చచ్చిపోతూనే ఉండేది.

వైద్యురాలికి రెండు విషయాలు అనుమానం కలిగించాయి. V2 లో సూది గీత మామూలుకన్నా పొడవుగా పైకి లేచి ఉంది, దాని తర్వాతి గుబ్బ కూడా పైకే ఉంది. కాగితాన్ని తలకిందులుగా తిప్పి, వెలుతురుకు ఎదురుగా పెట్టి వెనక వైపు నుంచి చూస్తే అది ముందు గోడ గుండెపోటు కాగితంలాగే కనిపిస్తుంది. ఛాతీ ముందున్న లీడ్లు గుండె వెనక గోడను అవతలి వైపు నుంచి చూస్తాయి కాబట్టి, వెనక పెరిగినది ముందు దిగినట్టు రాస్తాయి.

అందుకని V4, V5, V6 తీగలను ఊడదీసి, అదే ఎత్తులో వీపు మీద అతికించారు: మొదటిది ఎడమ చంక వెనక గీతపైన, రెండోది ఎడమ రెక్క ఎముక కొస కింద, మూడోది వెన్నెముకకు ఎడమ పక్కన. కొత్త కాగితం మీద పెన్నుతో V7, V8, V9 అని రాశారు. రాయకపోతే తర్వాత చూసేవారు పొరబడతారు. ఇక్కడ అర గడి పెరుగుదల చాలు. ఆయనకు V8, V9 లలో ఒక గడి లేచింది. నాళం మూసుకుపోయిందన్నమాట.

సమయం 7:58. నొప్పి మొదలై రెండు గంటలు కాలేదు, ఈ మందు పన్నెండు గంటల లోపు ఇవ్వవచ్చు, ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. మెదడులో ఎప్పుడైనా రక్తస్రావం అయిందా, ఈ మధ్య పక్షవాతం గానీ పెద్ద ఆపరేషన్ గానీ జరిగిందా, బీపీ ఎంత అని అడిగి, మందు ఇవ్వకూడని కారణం ఏదీ లేదని తేలాక అది ఇచ్చి, వెంటనే విశాఖకు బయలుదేరదీశారు. అరవై, తొంభై నిమిషాల మధ్య మళ్లీ తీసే ఈసీజీలో మార్పు కనీసం సగానికి తగ్గాలి. తగ్గకపోతే గడ్డ కరగలేదని అర్థం, చేరగానే తీగతో తెరవాలి.

వీపు లీడ్లలో ఏమీ లేవకపోయి ఉంటే ఈ ఇంజక్షన్ ఇచ్చేవారు కాదు. అయినా నొప్పి ఆగకపోతే, బీపీ పడిపోతే, లేదా చాలా లీడ్లలో దిగుదల ఉండి aVR ఒక్కదానిలో పైకి లేస్తే, అత్యవసరంగా పంపవలసిందే.

ఎక్కడ పొరబడతారు

ఎస్‌టీ లేచిన ప్రతిదీ గుండెపోటు కాదు. గుండె పైపొర వాపులో దాదాపు అన్ని లీడ్లలో లేస్తుంది, ఆరోగ్యవంతులైన కొందరు యువకులకు అది మామూలు తీరే. చాలాకాలం బీపీతో గోడ మందమైనవారికీ, గుండె జబ్బుకు డిగాక్సిన్ మాత్రలు వేసుకునేవారికీ గీత దిగే ఉంటుంది. మొదటి కాగితం మామూలుగా ఉన్నా నొప్పి సాగుతుంటే పదిహేను, ముప్పై నిమిషాలకొకసారి మళ్లీ తీయించమని అడగడం బంధువుల హక్కు.

ఈ గందరగోళంలో పాత ఈసీజీ ఒక్కటి ఉంటే సగం చిక్కు తీరుతుంది. అది వేడితో అచ్చయ్యే కాగితం గనుక కొన్నాళ్లకు వెలిసిపోతుంది, లామినేషన్ చేయిస్తే నల్లబడిపోతుంది. తీసిన రోజే ఫోన్‌లో ఫొటో తీసి, తేదీతో దాచుకోవాలి.